రెసిడెంట్ అంటే ఎవరు, బర్నౌట్ అంటే ఎంత?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది హిందూపురం. బెంగళూరులో ఎంపీహెచ్ రెండో ఏడాది చదువుతున్నాను. రెసిడెంట్ డాక్టర్లలో బర్నౌట్ నా థీసిస్ విషయం. గూగుల్ స్కాలర్‌లో దొరికినవన్నీ చదివి రివ్యూ చాప్టర్ 40 పేజీలు రాసిస్తే, "ఇది పేపర్ల జాబితా, సెర్చ్ స్ట్రాటజీ ఏది?" అని మా గైడ్ వెనక్కి ఇచ్చేశారు. పబ్‌మెడ్‌లో వెతికితే వేలల్లో వస్తున్నాయి. పైగా ఒక్కో పేపర్‌లో ఒక్కో శాతం ఉంది. ఏది నమ్మాలో తెలియడం లేదు. ఆరు వారాలే టైముంది. చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక విద్యార్థిని, బెంగళూరు

సమాధానం:

అమ్మా, ఆ 40 పేజీలు పక్కన పెట్టండి, పారేయకండి. వాటితో ఒక పని ఉంది, తర్వాత చెబుతాను. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని రెండు మాటలకు అర్థం రాయండి. రెసిడెంట్ అంటే ఎవరు? బర్నౌట్ అని దేన్ని లెక్కిస్తున్నారు? పేపర్లు వేలల్లో రావడానికి మొదటి మాట కారణం. శాతాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి రెండో మాట కారణం.

మొదటిది చూద్దాం. మన ఆసుపత్రుల్లో ఎవరైనా "రెసిడెంట్" అని పిలుస్తారా? "పీజీని పిలవండి" అంటారు. (బెంగళూరులో పీజీ అంటే మీరుండే హాస్టలు కూడా.) పేపర్ రాసేటప్పుడు అదే మనిషి ఒకచోట జూనియర్ రెసిడెంట్, ఇంకోచోట పోస్ట్‌గ్రాడ్యుయేట్ ట్రైనీ, మరోచోట పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అవుతాడు. బ్రిటన్ పేపర్లలో 2024 దాకా జూనియర్ డాక్టర్ అనేవారు, రిజిస్ట్రార్ అని కూడా అంటారు.

మాట ఒకటే ఉండి మనిషి మారే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో ఇంటర్న్ అంటే రెసిడెన్సీ మొదటి ఏడాదిలో ఉన్న డాక్టరు. మన దగ్గర ఇంటర్న్ అంటే ఎంబీబీఎస్ చివర్లో ఏడాది పాటు అన్ని విభాగాలూ తిరిగే హౌస్ సర్జన్, ఇంకా పీజీలో చేరని పిల్లవాడు. సీనియర్ రెసిడెంట్ అంటే వాళ్లకు రెసిడెన్సీ పై ఏళ్లలో ఉన్నవాడు, మనకు ఎండీ అయిపోయి ఉద్యోగంలో ఉన్నవాడు. అందుకని మీ కాగితం మీద ఇలా రాసుకోండి: "భారతీయ పేపర్లలో ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ చదువుతున్న జూనియర్ రెసిడెంట్లను తీసుకుంటాను. ఇంటర్న్‌లను తీసుకోను. సీనియర్ రెసిడెంట్ల అంకెలు విడిగా ఇచ్చి ఉంటే విడిగా రాస్తాను." మీ థీసిస్‌లో సర్వే ఎవరి మీద చేస్తున్నారో దాన్ని బట్టి ఈ గీత అటూ ఇటూ జరగవచ్చు. గీత గీయకుండా మాత్రం వెతకడం మొదలుపెట్టకండి.

ఇప్పుడు వేలల సంగతి. పబ్‌మెడ్‌లో మీరు బహుశా `resident*` అనీ `burnout` అనీ కొట్టి ఉంటారు. అలా కొడితే వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లూ వస్తారు. నర్సింగ్ హోమ్‌లో ఉండే వృద్ధులను కూడా ఇంగ్లీషులో రెసిడెంట్స్ అనే అంటారు. వాళ్లను చూసుకునే నర్సుల బర్నౌట్ మీద పేపర్లకు కొదవ లేదు. `intern*` అని కొట్టారా, నక్షత్రం ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నిటినీ తెస్తుంది కాబట్టి ఇంటర్నేషనల్, ఇంటర్నల్, ఇంటర్నెట్ అన్నీ వచ్చి పడతాయి. విసుగొచ్చి `NOT nurse*` అని పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. డాక్టర్లనూ నర్సులనూ కలిపి సర్వే చేసిన పేపర్లు చాలా ఉంటాయి, అవి కూడా ఆ దెబ్బకు పోతాయి. విడి మాట బదులు జంట మాట వాడితే చాలు. భారతీయ పేపర్ల కోసం నేనైతే ఇలా మొదలుపెడతాను:

```
#1 "Burnout, Psychological"[mh] OR "Burnout, Professional"[mh] OR burnout[tiab] OR "burn out"[tiab] OR "emotional exhaustion"[tiab]
#2 "Internship and Residency"[mh] OR "resident doctor*"[tiab] OR "resident physician*"[tiab] OR "medical resident*"[tiab] OR "junior resident*"[tiab] OR "junior doctor*"[tiab] OR "postgraduate trainee*"[tiab]
#3 India[mh] OR India[tiab] OR Indian[tiab] OR India[ad]
#4 #1 AND #2 AND #3
```

అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఒక్కో వరుసనూ, దాని మొదట్లో ఉన్న నంబరు వదిలేసి, విడిగా నడపండి. హిస్టరీలో మీకు వచ్చే నంబర్లు వేరుగా ఉంటే నాలుగో వరుసలో ఆ నంబర్లే వేయండి. `[mh]` అంటే మెష్, అంటే పబ్‌మెడ్ నడిపే లైబ్రరీ పేపర్‌కు తగిలించే విషయసూచిక మాట. `[tiab]` అంటే టైటిల్‌లో గానీ అబ్‌స్ట్రాక్ట్‌లో గానీ ఆ మాట ఉండాలి. రెండూ ఎందుకంటే, పబ్‌మెడ్‌లో కనిపించే ప్రతి పేపర్‌కూ మెష్ మాటలుండవు. మెడ్‌లైన్‌లో చేరిన జర్నళ్లకే ఉంటాయి. మన జర్నళ్లు చాలా పీఎంసీ అనే ఉచిత పేపర్ల నిల్వ దారిలో పబ్‌మెడ్‌లోకి వచ్చాయి, వాటికి మెష్ ఉండదు. ఈ విషయం తెలియక నా చదువు రోజుల్లో మెష్ ఒక్కటే వాడి, "భారతదేశంలో ఈ విషయం మీద పని చాలా తక్కువ జరిగింది" అని రాసేశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ తన బ్యాగులోంచి నాలుగు భారతీయ పేపర్లు తీసి బల్ల మీద పెట్టారు. ఆ వాక్యం ఎక్కడ కనిపించినా ఇప్పటికీ నాకు ముందు అనుమానమే వస్తుంది.

మూడో వరుసలో `India*` అని నక్షత్రం పెట్టలేదు, చూశారా? పెడితే అమెరికాలోని ఇండియానా రాష్ట్రం కూడా వస్తుంది. `[ad]` అంటే రచయితల చిరునామా. చాలామంది అబ్‌స్ట్రాక్ట్‌లో "ఒక టెర్షియరీ కేర్ హాస్పిటల్‌లో" అని వదిలేస్తారు, దేశం పేరు ఎక్కడా ఉండదు. చిరునామా ఒక్కటే వాళ్లను పట్టిస్తుంది. దాని వల్ల ఇక్కడి రచయితలు విదేశీ డేటా మీద రాసినవి కొన్ని వస్తాయి, వాటిని చదివేటప్పుడు తీసేయవచ్చు.

ఇక్కడ ఆ 40 పేజీలు తీయండి. వాటిలో మీ విషయానికి సూటిగా సరిపోయే భారతీయ పేపర్లు పది ఎంచి, పబ్‌మెడ్‌లో ఉన్నవాటి పీఎంఐడీ నంబర్లు రాసుకోండి. తర్వాత ఇది నడపండి:

```
(PMID1[uid] OR PMID2[uid] OR PMID3[uid]) NOT #4
```

మీ చేతిలో ఇప్పటికే ఉండి, మీ వల పట్టుకోలేకపోయిన పేపర్లు ఇందులో బయటపడతాయి. రెండేళ్ల కిందట నా విద్యార్థి ఒకతను ఇలాగే పరీక్షిస్తే పదిలో మూడు తప్పిపోయాయి. మూడింటినీ తెరిచి చూశాం. మొదటిదాంట్లో టైటిల్ నుంచి చివరిదాకా "పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్" అనే ఉంది, రెసిడెంట్ అన్న మాటే లేదు. రెండోదాని టైటిల్‌లో "మెడికల్ ప్రొఫెషనల్స్" అని ఉంది, రెసిడెంట్ల లెక్క లోపలి పట్టికలో ఉంది. మూడోదాంట్లో బర్నౌట్ కొలిచారు, కానీ అబ్‌స్ట్రాక్ట్ అంతా "స్ట్రెస్" గురించే. మొదటిదానికి `"postgraduate student*"[tiab]` కలిపాం, సరిపోయింది. రెండోదానికి `doctors[tiab] OR "medical professionals"[tiab]` కలిపి చూశాం. ఇండియా వడపోత ఉంది కాబట్టి పెరిగిన సంఖ్య చదవగలిగేంతే అయింది, ఉంచేశాం. మూడోదాని కోసం `stress[tiab]` కలిపితే ఫలితాలు వరదలా పెరిగాయి. దాన్ని తీసేసి, "అబ్‌స్ట్రాక్ట్‌లో బర్నౌట్ అన్న మాట లేని పేపర్లు ఈ సెర్చ్‌కు దొరక్కపోవచ్చు" అని పరిమితుల్లో రాయమన్నాను. ఏ మాట ఎందుకు కలిపారు, ఏది ఎందుకు వదిలారు అన్న ఈ కథే సెర్చ్ స్ట్రాటజీ. మీ గైడ్ చూడాలనుకుంటున్నది అదే. ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ, డేటాబేస్, నడిపిన స్ట్రింగ్ యథాతథంగా, వచ్చిన సంఖ్య, ఈ నాలుగూ ప్రతిసారీ రాయండి. స్ట్రింగ్‌ను చేత్తో తిరిగి రాయకుండా కాపీ చేసి ఒక ఫైల్లో ఉంచండి. ఒక్క బ్రాకెట్ మారినా సంఖ్య మారుతుంది, మీరే తర్వాత మళ్లీ చేయలేకపోతారు.

విదేశీ పేపర్ల విషయంలో నా సలహా వేరు. ఆరు వారాల్లో ప్రపంచమంతా చదవలేరు, మాస్టర్స్ థీసిస్‌కు అక్కర్లేదు కూడా. ఇండియా వరుస తీసేసి `#1 AND #2 AND systematic[sb]` అని నడిపితే ఇతరులు చేసిన సమగ్ర సమీక్షలు వస్తాయి. ప్రపంచం సంగతి వాటి నుంచి తీసుకోండి. భారతీయ పేపర్లను మాత్రం ఒక్కొక్కటిగా, మూలంలోనే చదవండి.

పబ్‌మెడ్ తర్వాత మీ కాలేజీకి స్కోపస్ ఉంటే అందులో, లేకపోతే హెలినెట్ డిజిటల్ లైబ్రరీలో ఏముందో లైబ్రేరియన్ గారిని అడిగి అందులో వెతకండి. రాజీవ్ గాంధీ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలకు హెలినెట్ అందుతుంది. పేపర్‌గా బయటికి రాని పీజీ థీసిస్‌ల కోసం చెన్నైలోని ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ రిపాజిటరీ, పీహెచ్‌డీల కోసం శోధ్‌గంగ చూడండి. ఒక హెచ్చరిక: థీసిస్‌గా ఉన్నదే తర్వాత జర్నల్లో పేపర్‌గా వచ్చి ఉండవచ్చు. ఆసుపత్రి, సర్వే చేసిన నెలలు, శాంపిల్ సంఖ్య మూడూ కలిస్తే అది ఒకటే అధ్యయనం, రెండుసార్లు లెక్కపెట్టకండి. గూగుల్ స్కాలర్‌ను వదలక్కర్లేదు. అది ఏ వెతుకులాటకైనా మొదటి 1000 ఫలితాలకు మించి చూపదు కాబట్టి దాన్ని ప్రధాన డేటాబేస్‌గా రాయకూడదు, అంతే. ఒక మంచి పేపర్ దొరికాక దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూడటానికి దాన్ని మించింది లేదు.

ఇక రెండో మాట, బర్నౌట్. మీ చాప్టర్‌కు గుండెకాయ ఇదే.

ఎక్కువమంది వాడేది మాస్లాక్ బర్నౌట్ ఇన్వెంటరీ. 1981 నాటిది, 22 ప్రశ్నలు. అందులో మూడు విడి స్కోర్లు వస్తాయి. మానసికంగా ఎంత అలసిపోయారు అన్నది ఒకటి. రోగులను మనుషులుగా చూడలేని మొద్దుబారినతనం రెండోది. చేసే పనిలో సాధించానన్న తృప్తి మూడోది. పేపర్లలో తరచూ కనిపించే హద్దులు ఇవి: అలసట 27 లేదా ఎక్కువ, మొద్దుబారడం 10 లేదా ఎక్కువ, తృప్తి 33 లేదా తక్కువ. ఈ మూడింటిలో ఎన్ని దాటితే బర్నౌట్ అనాలి? ఇక్కడే ఎవరి దారి వారిది.

నలుగురు పీజీలను ఊహించుకోండి. మొదటి అమ్మాయికి అలసట 31, మొద్దుబారడం 6, తృప్తి 40. రెండో అతనికి 29, 13, 38. మూడో అతనికి 33, 15, 27. నాలుగో అమ్మాయికి 18, 5, 41. "అలసట గానీ మొద్దుబారడం గానీ దాటితే చాలు" అన్న పేపర్లో మొదటి ముగ్గురికీ బర్నౌట్ ఉన్నట్టే, అంటే 75 శాతం. "రెండూ దాటాలి" అంటే ఇద్దరు, 50 శాతం. "మూడూ ఉండాలి" అంటే మూడో అతనొక్కడే, 25 శాతం. మనుషులు మారలేదు, వాళ్ల డ్యూటీ మారలేదు, శాతం మాత్రం మూడింతలైంది. "ఏది నమ్మాలి" అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే: ఏ నియమంతో లెక్కించారో తెలియని శాతాన్ని చాప్టర్లోకి రానివ్వకండి.

ఇది నేను కల్పించిన భయం కాదు. 2018లో జామాలో రోటెన్‌స్టీన్ బృందం 45 దేశాల నుంచి 182 అధ్యయనాలు తీసుకుని డాక్టర్ల బర్నౌట్‌ను సమీక్షించింది. శాతాలు 0 నుంచి 80.5 దాకా ఉన్నాయి. నిర్వచనాలు లెక్కపెడితే కనీసం 142 తేలాయి. అందుకే వాళ్లు అన్నిటినీ కలిపి ఒక సగటు ఇవ్వలేదు. రెసిడెంట్ల మీద మాత్రమే చేసిన రెండు మెటా అనాలిసిస్‌లు కూడా పక్కపక్కన పెట్టి చూడండి. 2018లో ప్లాస్ వన్‌లో వచ్చినదాంట్లో 35.7 శాతం, 2019లో వచ్చిన లో బృందం పేపర్లో 51 శాతం. ఏడాదిలో ప్రపంచం అంత మారిపోలేదు. రెండింటి మెథడ్స్ తెరిచి ఎవరిని చేర్చారు, ఏ నియమం పెట్టారు అని చూసి, ఆ తేడాను మీ మాటల్లో ఒక పేరా రాయండి. చాప్టర్లో అంతకంటే విలువైన పేరా ఉండదు.

మాస్లాక్ ఇన్వెంటరీకి లైసెన్సు ఫీజు కట్టాలి. అందుకని కోపెన్‌హాగెన్ ఇన్వెంటరీ వాడిన పేపర్లూ మీకు తగులుతాయి. అది ఉచితం, 19 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 100. అందులో 50 లేదా ఎక్కువ వస్తే బర్నౌట్ అనడం వాడుక. మొద్దుబారడాన్ని అది అసలు కొలవదు. అలాంటప్పుడు ఆ శాతాన్ని మాస్లాక్ శాతం పక్కన పెట్టి ఎక్కువ తక్కువలు ఎలా చెబుతాం? మాస్లాక్‌కే 9 ప్రశ్నల పొట్టి రూపం కూడా ఉంది, ఒక్కో భాగానికి మూడు ప్రశ్నలు, గరిష్ఠం 18. ఏదైనా పేపర్ ఈ పొట్టి రూపం వాడామని చెప్పి 27 హద్దు పెట్టిందంటే అక్కడ ఏదో తప్పు జరిగిందని అర్థం. 18కి మించి రాని స్కోరు 27 ఎలా దాటుతుంది?

కాబట్టి చదివిన ప్రతి పేపర్‌కూ ఒక ఎక్సెల్ వరుస పెట్టుకోండి. ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏ ప్రశ్నావళి, ఏ హద్దు, ఏ నియమం, అడిగినవాళ్లలో ఎంతమంది జవాబిచ్చారు. 2020, 2021లో చేసినవైతే కోవిడ్ వార్డు డ్యూటీ ఉందో లేదో కూడా రాయండి. జవాబిచ్చినవాళ్ల సంఖ్యను తేలిగ్గా తీసుకోకండి. ఒకసారి నేనే ఒక వార్డులో ఫారాలు పంచాను. రాత్రి డ్యూటీ దిగి, అక్కడే మళ్లీ రౌండ్స్‌కు నిలబడ్డ ఒక పీజీ అమ్మాయి కేస్ షీట్ కింద ఫారం పెట్టుకుని, ప్రశ్న చదవకుండా ఒకే నిలువు వరుసలో టిక్కులు కొట్టుకుంటూ పోయింది. పక్కనున్న ఇద్దరు "తర్వాత ఇస్తాం మేడమ్" అన్నారు, ఇవ్వలేదు. బాగా అలసినవాళ్లే జవాబివ్వకపోతే శాతం తగ్గుతుంది, బాధ చెప్పుకోవాలనుకున్నవాళ్లే ఇస్తే పెరుగుతుంది. పేపర్ ఎటు ఒరిగిందో మనం చెప్పలేం గానీ, సగం మంది కూడా జవాబివ్వని చోట ఆ మాట రాసి తీరాలి. నాణ్యత చూడటానికి జేబీఐ వాళ్ల ప్రివలెన్స్ చెక్‌లిస్ట్ వాడండి, తొమ్మిదే ప్రశ్నలు, మీ స్థాయికి సరిపోతుంది.

ఎక్సెల్ షీట్ నిండాక చాప్టర్ ఎలా రాయాలో అదే చెబుతుంది. ఇప్పుడు మీ 40 పేజీల్లో "ఫలానా వారు ఫలానా ఏడాది ఫలానా ఊళ్లో ఇంత శాతం కనుగొన్నారు" అని ఒక్కో పేరాకు ఒక్కో పేపర్ ఉండి ఉంటుంది. దాన్ని విప్పేసి నియమం ప్రకారం కట్టండి. ఒకే ప్రశ్నావళి, ఒకే నియమం వాడిన పేపర్లు ఒక గుంపు. ఆ గుంపులో మాత్రమే శాతాలు పోల్చండి. కారణాల దగ్గరికి వచ్చినప్పుడు పని గంటలు విడిగా చూడండి. మన దేశంలో 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదంటుంది. అమెరికాలో 2003 నుంచి నాలుగు వారాల సగటు మీద వారానికి 80 గంటలు హద్దు. కాగితం మీద మన హద్దే చిన్నది. అందుకే ఒక పేపర్ "పని గంటలు ఎక్కువ" అన్నప్పుడు ఆ గంటలు నిబంధన నుంచి తీసుకున్నవా, రోస్టర్ నుంచా, పీజీలు స్వయంగా చెప్పినవా అని చూడాలి. అలాగే ఈ పేపర్లు దాదాపు అన్నీ, ఒక్కొక్కరినీ ఒక్కసారి మాత్రమే అడిగి చేసిన సర్వేలు. గంటలు ఎక్కువున్నవాళ్లలో బర్నౌట్ ఎక్కువ కనిపించిందని రాయండి, గంటల వల్లే వచ్చిందని రాయకండి.

చాప్టర్‌కు "సిస్టమేటిక్ రివ్యూ" అని పేరు పెట్టకండి. దానికి పేపర్లను ఇద్దరు విడివిడిగా వడపోయాలి, మీరు ఒక్కరే. "క్రమబద్ధంగా వెతికి రాసిన వివరణాత్మక సమీక్ష" అని నిజం రాసి, ఎన్ని దొరికాయి, డూప్లికేట్లు ఎన్ని పోయాయి, ఎన్ని చదివాక ఎందుకు వదిలారు అన్న ప్రిజ్మా బొమ్మ ఒకటి పెడితే ఏ ఎక్స్‌టర్నలూ తప్పు పట్టరు. పూర్తి స్ట్రింగ్‌లు అనుబంధంలోకి వెళ్లాలి.

టైము ఇలా పంచుకోండి: మొదటి వారం మాటలకూ పరీక్షకూ, రెండో వారం అన్ని డేటాబేస్‌లలో వెతకడానికీ టైటిళ్లు వడపోయడానికీ, తర్వాతి రెండున్నర వారాలు చదివి ఎక్సెల్ నింపడానికి, మిగిలింది రాయడానికి. సబ్మిట్ చేసే ముందు వారం అదే స్ట్రింగ్‌ను మళ్లీ ఒకసారి నడపండి. చివర `AND 2025/01/15:3000[crdt]` అని, మీరు మొదట వెతికిన తేదీ పెట్టి కలిపితే ఆ తర్వాత పబ్‌మెడ్‌లో చేరినవే వస్తాయి. ఒకటో రెండో ఉంటాయి. వాటిని చేర్చి, ఆ రెండో తేదీని కూడా నోటుబుక్కులో మొదటి తేదీ పక్కనే రాయండి.